ఏట్రియం పైన లూవర్లు తెరిచే ఉన్నా పై అంతస్తు ఉడికిపోతుంటే

పొద్దున బాగానే ఉంటుంది, సాయంత్రం నాలుగు దాటాక మూడో అంతస్తు వరండాలో నిలబడలేం. ఏట్రియం అంటే భవనం మధ్యలో గ్లాస్ రూఫ్ దాకా ఖాళీగా వదిలిన చోటు, దాని పైన లూవర్లన్నీ, అంటే గాలి పోయే రెక్కల కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, అయినా గాలి ఆడదు. తిరుపతి లాడ్జీల నుంచి ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. వెంటనే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కొనడానికి పరుగెత్తకండి.

ముందు కింద చూడండి. రిసెప్షన్‌లో ఏసీ పెట్టి గ్లాస్ తలుపు మూసేస్తారు, దోమల మెష్‌ని ఏళ్ల తరబడి కడగరు. కింద గాలి లోపలికి రాకపోతే పైన ఎంత తెరిచినా లాభం లేదు. దయచేసి ఈ ఒక్కటి చూశాకే ఎవరినైనా పిలవండి.

కింద తెరిచే ఉంటే ఒక అగరబత్తి వెలిగించి రెండు చోట్ల పట్టుకోండి, వాకిట్లో ఒకసారి, పైన లూవర్ దగ్గర ఒకసారి. మామూలుగా అయితే వాకిట్లో పొగ లోపలికి, పైన బయటికి పోవాలి. సాయంత్రం పూట అది తలకిందులైతే, అంటే వాకిట్లో పొగ వీధిలోకి పోతూ పైన లూవర్ నుంచి లోపలికి దిగుతుంటే, అసలు దొంగ దొరికినట్టే. గాలి మీ లూవర్‌నే తోస్తోంది.

దీన్ని చాలామంది నమ్మరు, వేడిగాలి పైకే కదా పోవాలి అంటారు. పోవాలి, కానీ ఆ తోపుడు ఎంత బలహీనమో లెక్క చూడండి. నేను చూసిన ఒక లాడ్జిలో వాకిలి నుంచి లూవర్ దాకా 12 మీటర్ల ఎత్తు, లోపల బయటకన్నా సగటున 3 డిగ్రీలు ఎక్కువ వేడి. దానివల్ల వచ్చే ఒత్తిడి, అంటే స్టాక్ ఎఫెక్ట్, మొత్తం మీద 1.3 పాస్కల్ మాత్రమే. సెకనుకు 2 మీటర్ల గాలి, అంటే చెట్టు ఆకులు కదిలేంత గాలి, ఒక్కటే 2.3 పాస్కల్ దాకా తోయగలదు. గోడ మీద అది అంతా పడదు, అందులో సగం పడినా స్టాక్ ఎఫెక్ట్‌తో దాదాపు సమానం, గాలి ఇంకొంచెం పెరిగితే ఓడిపోయేది స్టాక్ ఎఫెక్టే. ఆ లాడ్జి వాకిలి తూర్పున, లూవర్లు పడమర వైపు మాత్రమే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మనకు గాలి పడమర, నైరుతి నుంచి వస్తుంది. అది లూవర్లోంచి దూరి, గ్లాస్ రూఫ్ కింద కాగిన గాలిని మూడో అంతస్తు మీదికి దించి, వాకిట్లోంచి బయటికి పోతోంది. గుమ్మానికి కట్టిన కర్టెన్ సాయంత్రమంతా వీధి వైపే ఊగేది, రోజూ చూస్తున్నా ఎవరూ పట్టించుకోలేదు!

పరిష్కారం: లూవర్లు గాలి మరుగున ఉండాలి. అక్కడ గాలి తోయదు, లాగుతుంది, అప్పుడు గాలి, వేడి రెండూ ఒకే వైపు పనిచేస్తాయి. ఆ లాడ్జిలో పడమర లూవర్లు మూసి తూర్పున కొత్తవి పెట్టించాం, కర్టెన్ లోపలికి ఊగడం మొదలైంది. పడమర వాటిని పీకేయలేదు, ఎందుకంటే అక్టోబర్ తర్వాత గాలి ఈశాన్యానికి తిరుగుతుంది, అప్పుడు తూర్పువి మూసి ఇవి తెరవాలి. కాబట్టి రెండు వైపులా విడివిడిగా మూసే ఏర్పాటు ఉండాలి, కింద నుంచి లాగే తాడైనా చాలు. ఏడాదికి రెండుసార్లు ఎవరు మారుస్తారంటారా? అలాగైతే లూవర్ ముందు కాస్త ఎడంగా, దానికన్నా ఎత్తుగా ఒక రేకు అడ్డం నిలబెట్టండి, గాలి దానికి కొట్టుకుని పైనుంచి దూకిపోతుంది. మెట్ల గది, వాటర్ ట్యాంకు లూవర్ కన్నా ఎత్తుగా పక్కనే ఉంటే మాత్రం గాలి సుడి తిరిగి ఎటు తోస్తుందో చెప్పలేం, లూవర్‌నే వాటి పైకి లేపాలి.

పొగ సరిగ్గానే పైకి పోతున్నా మూడో అంతస్తు మాత్రం వేడిగా ఉంటే పైన తెరుపు చాలట్లేదని అర్థం. ఒక ఎత్తు వరకు గాలి గదుల్లోంచి ఏట్రియంలోకి వస్తుంది, దానిపైన ఏట్రియంలోని వేడి గదుల్లోకి పోతుంది. పైన, కింద తెరుపులు సమానమైతే ఆ ఎత్తు సగం దగ్గర, అంటే ఇక్కడ 6 మీటర్ల దగ్గర ఉంటుంది. పైన రెట్టింపు ఉంటే 9.6 మీటర్లకు ఎక్కుతుంది. పైన సగమే ఉంటే 2.4 మీటర్లకు దిగిపోతుంది, ఇక మొదటి అంతస్తు నుంచే వేడి తగులుతుంది. కొలిచేటప్పుడు ఫ్రేమ్‌ని కాదు, రెక్కల మధ్య సందుల్ని కొలవండి, మెష్ ఉంటే ఇంకా తగ్గించుకోండి.

మే నెల మధ్యాహ్నం బయట 42 డిగ్రీలుంటే లోపలికి వచ్చేదీ 42 డిగ్రీల గాలే, ఏ లూవరూ దాన్ని చల్లబరచదు. అప్పుడు కింద తెరుపులు తగ్గించి, పొద్దుగూకాక అన్నీ తెరిచి తెల్లవారేదాకా వదిలేయండి. పావురాల గూళ్లు, కిచెన్ ఎగ్జాస్ట్ ఎదురు లాగడం లాంటివి అరుదు, పైవన్నీ అయ్యాక చూసుకోవచ్చు.