కాఫీ పొడి ఆటతో అంగన్‌వాడీ పిల్లలకు చేతులు కడగడం నేర్పడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లో తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లుల పిల్లలకు, చేతికి అంటినది కంటికి చేరుతుందని వేరే చెప్పనక్కరలేదు. కారం ఘాటు నూనెలో కరుగుతుంది గాని నీళ్లతో సరిగా వదలదు. జిడ్డుతో కలిసిన మురికి కూడా అంతే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఈ సంగతిని కంటికి కనిపించేలా చూపడమే ఈ ఆట ఉద్దేశం. అయితే ఆటలో కారం ఎన్నడూ వాడరాదు.

ముందుగా ఒక్కొక్కరి అరచేతిలో రెండు మూడు చుక్కల కొబ్బరినూనె వేసి, చిటికెడు ఫిల్టర్ కాఫీ పొడి చల్లి, చేతుల వెనుకకూ వేళ్ల సందులకూ అంటేలా రుద్దుకోమనాలి. ఇన్‌స్టంట్ కాఫీ నీళ్లలో కరిగిపోతుంది కనుక పనికిరాదు. పసుపైతే సబ్బుతో కడిగినా రంగు మిగులుతుంది. బాగా కడిగిన పిల్లవాడు కూడా ఓడిపోయానని అనుకుంటాడు.

తరువాత ముగ్గురిని ముందుకు పిలవాలి. మొదటివారు చేతులను నీళ్లలో తడిపి ఊరుకోవాలి, రెండవవారు నీళ్లతోనే 20 సెకన్లు రుద్దాలి, మూడవవారు సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి. మొదటి చేతులమీద పొడి చాలావరకు అలాగే ఉంటుంది, రెండవ చేతులమీద జిడ్డుతో పాటు కొంత మిగులుతుంది, మూడవ చేతులు తేటపడతాయి. ఎందుకలా జరిగిందో పిల్లలే చెప్పేవరకు పెద్దలు ఆగడం మంచిది. నీళ్లమీద మిరియాల పొడి చల్లి సబ్బువేలు ముంచే ఆట చూడముచ్చటగానే ఉంటుంది గాని, రుద్దకుండానే క్రిములు పారిపోతాయన్న తప్పు భావన కలిగిస్తుంది.

ఇప్పుడు అందరూ సబ్బుతో కడగాలి. నాలుగేళ్ల పిల్లలకు సెకన్లు లెక్కపెట్టడం రాదు కాబట్టి, బొటనవేలిని తాతయ్య అనీ చిటికెనవేలిని చెల్లాయి అనీ పిలుస్తూ ఒక్కొక్కరికి స్నానం చేయించమంటే, రెండు చేతులూ పూర్తయ్యేసరికి ఆ సమయం దానంతట అదే గడుస్తుంది. సాధారణంగా తాతయ్యకే స్నానం తప్పిపోతుంది. గోళ్ల చివరలు, చేతుల వెనుక భాగం కూడా తరచుగా మిగిలిపోతాయి. కుళాయి లేనిచోట ఆయమ్మ చెంబుతో నీళ్లు పోయాలే తప్ప, అందరూ ఒకే బకెట్‌లో చేతులు ముంచరాదు. తుడుచుకోవడానికి ఎవరి రుమాలు వారికే ఉండాలి.

ఒక్కరోజు ఆటతో అలవాటు రాదు. మరునాటి నుంచి పొడికి బదులు, నీళ్లతో వదిలే స్కెచ్‌పెన్‌తో ఉదయమే చేతిమీద చిన్న చుక్క పెట్టి, భోజనానికి ముందూ మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాకా కడుక్కుంటే సాయంత్రానికి అది మాయమవుతుందని చెప్పాలి. ఇందులో ఒక చిక్కుంది: తెలివైన పిల్లలు చుక్కను మాత్రమే రుద్ది వచ్చేస్తారు. అందుచేత దాని చోటును రోజూ మార్చాలి, ఒకరోజు బొటనవేలి మొదట, మరొకరోజు వేళ్ల సందున. చేతిమీద పుండుగాని గజ్జిగాని ఉన్నవారికి పొడీ చుక్కా పెట్టకుండా, చెంబు పట్టుకున్న ఆయమ్మ పక్కన నిలబడి తాతయ్య స్నానం అయిందో లేదో చూసే పని అప్పగించవచ్చు.