తొలకరికి ముందు కుండీలు నింపేవాళ్లకు: ఒక ఘనపు మీటరు మిశ్రమం ఎన్ని కుండీలకు వస్తుంది?

రోహిణి కార్తె ఎండలు తగ్గి మృగశిర వచ్చేలోపు కుండీలు నింపేసుకోవాలని ప్రతి నర్సరీ వాళ్లూ అనుకుంటారు. కడియం, కడియపులంక వైపు పెద్ద నర్సరీల నుంచి ఇంటి వెనక వంద కుండీలు పెట్టుకునేవాళ్ల దాకా, ఈ పని వానల మధ్య చేయాలంటే ఎవరికైనా తలనొప్పే. అందుకే మట్టి మిశ్రమం ముందే తెప్పించుకుంటారు. లెక్క తప్పేది సరిగ్గా ఇక్కడే. తక్కువ తెప్పిస్తే వాన మొదలయ్యాక ట్రాక్టరు దొడ్లోకి రాదు, వచ్చినా తడిసిన మట్టే వస్తుంది. ఎక్కువ తెప్పిస్తే మిగిలిన కుప్ప వానలో నానుతుంది, అందులోని మెత్తటి ఎరువు కాలవలో కలుస్తుంది.

ఒక ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు, సుమారు 35 ఘనపు అడుగులు. కుండీ ఎన్ని లీటర్లు పడుతుందో తెలిస్తే భాగిస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. నర్సరీ కుండీ పైన వెడల్పు, కింద సన్నం. పైగా అందులో పోసిన మిశ్రమం నీళ్లు పోశాక దిగిపోతుంది.

ముందు కుండీ సంగతి చూద్దాం. అమ్మేవాళ్లు చెప్పే "8 అంగుళాలు" సాధారణంగా పై అంచు బయటి కొలత. అంచు మందం, మడత తీసేస్తే లోపల మిగిలేది అంతకంటే తక్కువే. ఉదాహరణకు అలాంటి కుండీ ఒకటి తీసుకుందాం. లోపల పైన 19 సెంటీమీటర్లు, అడుగున 13, లోతు 18. దీన్ని డబ్బాలాగా అనుకుని 8 అంగుళాల వ్యాసంతో, అంటే 20.3 సెంటీమీటర్లతో లెక్కేస్తే 5.8 లీటర్లు వస్తుంది. ఆ లెక్కన ఘనపు మీటరుకు 171 కుండీలే. అసలు సూత్రం ఇది, కొలతలన్నీ సెంటీమీటర్లలో:

```
V = 0.2618 × h × (D² + D×d + d²) ÷ 1000
V = 0.2618 × 18 × (361 + 247 + 169) ÷ 1000 = 3.66
```

D పై వ్యాసం, d అడుగు వ్యాసం, h లోతు, V లీటర్లు. అంటే అంచు దాకా 3.66 లీటర్లు మాత్రమే. సూత్రం ఎందుకులే అనుకుంటే పై, అడుగు వ్యాసాల సగటు, ఇక్కడ 16, తీసుకుని మామూలు డబ్బాలాగా లెక్కేయండి. 3.62 వస్తుంది, ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. ఇంకా తేలికైనది వంటింటి తూకం. కుండీలోపల పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి నీళ్లు నింపి తూయండి, కుండీ బరువు తీసేయండి. కిలోకు లీటరు. కొత్త రకం కుండీ వచ్చినప్పుడల్లా నేనైతే ఇదే నమ్ముతాను, ఎందుకంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే కుండీల్లో సూత్రం కూడా కొంచెం ఎక్కువే చూపిస్తుంది.

ఇప్పుడు అంచు కింద వదలాల్సిన ఖాళీ. నీళ్లు నిలవడానికి రెండు సెంటీమీటర్లు వదులుతాం. లోతులో అది తొమ్మిదో వంతు, కాబట్టి మట్టిలోనూ తొమ్మిదో వంతే మిగులుతుందనుకుంటాం. కానీ కుండీ పైన వెడల్పు కదా, ఆ రెండు సెంటీమీటర్లలోనే అర లీటరు పైగా పడుతుంది. కుండీ మొత్తంలో 15 శాతం. అంచుకు రెండు సెంటీమీటర్ల కింద ఒక గీత ఉందనుకుంటే, ఆ గీత దాకా కావలసింది 3.11 లీటర్లు.

ఇక దిగడం. పారతో పోసినప్పుడు మిశ్రమం వదులుగా, గాలితో నిండి ఉంటుంది. మొదటి రెండు తడులకు మెత్తటి రేణువులు సందుల్లోకి జారి, మట్టం దిగిపోతుంది. ఎంత దిగుతుందన్నది మిశ్రమాన్ని బట్టి, నింపే చేతిని బట్టి ఉంటుంది. ఎవరో చెప్పిన శాతం పట్టుకోవద్దు, మీ కుప్పతోనే చూసుకోండి. ఐదు కుండీలు తీసుకుని మీ పనివాళ్లు రోజూ నింపినట్టే నింపించండి. నొక్కొద్దు, ఒక్కసారి నేల మీద తట్టి అంచుకు సమంగా చెయ్యి తుడిస్తే చాలు. అడుగు నుంచి నీళ్లు కారేదాకా పోయండి. మర్నాడు మళ్లీ పోయండి. నీళ్లు దిగాక అంచు మీద చీపురుపుల్ల అడ్డంగా పెట్టి, కుండీ మధ్యలో స్కేలుతో ఎంత దిగిందో చూడండి.

మన ఉదాహరణ కుండీలో ఒక సెంటీమీటరు దిగితే సుమారు 7.5 శాతం పోయినట్టు, రెండు దిగితే 15, మూడు దిగితే 22. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, బాగా మాగిన ఎరువు కలిపిన మిశ్రమం రెండు సెంటీమీటర్ల దగ్గర ఆగిందనుకుందాం. అప్పుడు 3.11 లీటర్ల దిగిన మట్టికి వదులు మిశ్రమం 3.11 ÷ 0.85, అంటే 3.66 లీటర్లు కావాలి. సరిగ్గా అంచు దాకా నిండిన కుండీ. అంటే ఇలాంటి మిశ్రమాన్ని అంచుకు సమంగా నింపితే, తడి అయ్యాక దానంతటదే గీత దగ్గరకు వచ్చి కూర్చుంటుంది. నింపేవాళ్లకు చెప్పడానికి ఇంతకంటే తేలికైన మాట లేదు.

కింద ఒలికేది, కుప్ప అడుగున నేలకు అంటుకునేది ఎలాగూ ఉంటుంది. దానికి మూడు శాతం తీసేస్తే వెయ్యిలో 970 లీటర్లు చేతికొస్తాయి. 970ని 3.66తో భాగిస్తే 265 కుండీలు. వెయ్యి కుండీలకు 3.8 ఘనపు మీటర్లు. దిగడం, ఒలకడం రెండూ మర్చిపోయి 3.11తో లెక్కేసి ఉంటే 3.11 ఘనపు మీటర్లే తెప్పించేవాళ్లం. అది 824 కుండీలకే సరిపోతుంది, నూట డెబ్భై పైచిలుకు కుండీలు ఖాళీగా మిగులుతాయి. అదీ సరిగ్గా వాన పట్టుకున్న వారంలో.

ఇదంతా గింజలు, కొమ్మ కత్తిరింపులు నేరుగా కుండీలో పెట్టేవాళ్లకు. కవరులో పెరిగిన మొక్కను మారుస్తుంటే దాని వేళ్ల గడ్డ కూడా చోటు తీసుకుంటుంది. పరిచినప్పుడు నాలుగు అంగుళాల వెడల్పున్న చిన్న కవరులో 12 సెంటీమీటర్ల మట్టి ఉంటే ఆ గడ్డ సుమారు 0.4 లీటరు. అప్పుడు కొత్తగా కావలసిన దిగిన మట్టి 2.71, వదులుగా 3.19 లీటర్లు. ఘనపు మీటరుకు 304 కుండీలు వస్తాయి. ఒక జాగ్రత్త ఏమిటంటే గడ్డ దిగదు, దాని కింద పోసిన వదులు మట్టి దిగుతుంది. మొక్క కూడా దానితో కుంగుతుంది. అందుకే అడుగు మట్టి పోశాక ఒకసారి తట్టి, ఆ తర్వాతే గడ్డ పెట్టాలి.

పరీక్షలో మూడు సెంటీమీటర్లు దిగితే? రెండు కారణాలు చూడాలి. ఒకటి, పచ్చి ఊక, సగం మాగిన పేడ ఎక్కువగా ఉండి మిశ్రమం పొంగుగా ఉండటం. అది మొదటి తడులతో ఆగదు, కుళ్లే కొద్దీ నెలల తరబడి దిగుతూనే ఉంటుంది. కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలితే ఇంకా మాగలేదని అర్థం, అలాంటిది ఇప్పుడే కుండీల్లోకి వద్దు. రెండోది, మిశ్రమం మరీ పొడిగా ఉండటం. రోహిణి ఎండలకు ఎండిన కొబ్బరి పొట్టు నీటిని పీల్చదు, నీళ్లు అంచు వెంబడి జారి కిందకు పోతాయి. ముందు రోజు సాయంత్రం కుప్పను తడిపి, తిరగేసి పెట్టండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, వేలితో తాకితే విడిపోవాలి, నీళ్లు కారకూడదు.

మట్టం దిగుతోందని పిడికిలితో కుక్కి నింపడం మాత్రం వానాకాలానికి ప్రమాదం. కుక్కితే అదే కుండీలో ఎక్కువ మట్టి పడుతుంది కాబట్టి మీ లెక్క ఎలాగూ చెడుతుంది. దానికి మించి, గాలి ఉండాల్సిన సందులు మూసుకుపోయి వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. నీళ్లు పోసినప్పుడు పైన మడుగు కట్టి ఎంతసేపటికీ దిగకపోతే కుక్కారని తెలిసిపోతుంది. అలాగని మరీ తక్కువ నింపినా తిప్పలే. అంచు కింద నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే ప్రతి వానకూ కుండీ గిన్నెలా నిండుతుంది. అంచును మించి గోపురంలా పోస్తే మొదటి జడివానకే పై మట్టి కొట్టుకుపోతుంది.

కొనేటప్పుడు అడగాల్సిన మాట ఒకటుంది. ఆ ఘనపు మీటరును ఎక్కడ కొలిచారు? లోడు చేసినప్పుడు కొలిస్తే, దారంతా కుదుపులకు దిగి మీ దగ్గరకు వచ్చేసరికి ట్రక్కు తగ్గినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి గొడవ పడక్కర్లేదు. పారతో తిరగేస్తే కొంత మళ్లీ పొంగుతుంది. మన 265 లెక్క తిరగేసిన వదులు మిశ్రమానికే. అందుకే గుర్తు తెలిసిన 20 లీటర్ల బకెట్టుతో ఎన్ని కుండీలు నిండుతున్నాయో మొదటి పూటే చూసుకోండి. ఐదున్నర దగ్గర రావాలి. ఐదు కూడా రాకపోతే చేతులు కుక్కుతున్నట్టే.

మిశ్రమం మీరే కలుపుకుంటే ఇంకో కోత ఉంది. రెండు బకెట్ల ఎర్రమట్టి, ఒకటి కొబ్బరి పొట్టు, ఒకటి ఎరువు కలిపితే నాలుగు బకెట్లు రావు. సన్న మట్టి పొట్టు సందుల్లోకి వెళ్లి మూడున్నర దగ్గరే ఆగవచ్చు. సరుకులు కొనేముందు ఆ చిన్న కలుపు ఒకటి చేసి, ఎంత తగ్గిందో అంత కలిపి కొనండి.

వెయ్యి కుండీలకు నాలుగు ఘనపు మీటర్లు తెప్పించి, మిగిలేదాన్ని మెరక మీద టార్పాలిన్ కప్పి ఉంచండి. మొదటి పెద్ద వానల తర్వాత దిగిన కుండీలకు అదే అక్కరకొస్తుంది. ఆ పోసే మట్టి అంచు వెంబడి పోయండి, మొక్క మొదలు చుట్టూ కుప్పగా వద్దు. కాండం మీదకు మట్టి ఎక్కితే తేమకు మొదలు కుళ్లు పట్టుకుంటుంది. మొక్క మరీ లోతుకు కుంగి ఉంటే పైన మట్టి పోయకుండా, గడ్డతో సహా మెల్లగా పైకి తీసి అడుగున మట్టి వేసి మళ్లీ పెట్టండి.