మూడవ పాఠం: ఆర్కైవ్, క్లియర్, డిలీట్

వాట్సాప్‌లో మనం పంపిన సందేశం అవతలివారికి చేరగానే సంస్థ సర్వర్ నుండి తొలగిపోతుందని గత పాఠంలో చూశాం. అంటే చేరిన సందేశానికి మిగిలే ప్రతులు మూడు చోట్ల ఉంటాయి: మన ఫోన్‌లో, అవతలివారి ఫోన్‌లో, ఎవరైనా బ్యాకప్ పెట్టుకుని ఉంటే ఆ బ్యాకప్‌లో. ఈ పాఠంలోని మూడు ఆదేశాలలో ఏది నొక్కినా అవతలివారి ప్రతిని మాత్రం తాకదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని ముందుకు సాగుదాం.

ఆర్కైవ్ గురించి చెప్పవలసింది తక్కువ. చాట్ జాబితాలో ఒక పేరుపై వేలు నొక్కి ఉంచి, పైన కనిపించే కిందిబాణం గుర్తును తాకితే ఆ చాట్ ఆర్కైవ్డ్ అనే అరలోకి వెళ్తుంది. ఒక్క అక్షరం కూడా చెరగదు, కాబట్టి ఫోన్‌లో జాగా కూడా ఖాళీ కాదు. కొత్త సందేశం వచ్చినా చాట్ ఆ అరలోనే ఉండిపోవాలంటే సెట్టింగ్స్‌లోని చాట్స్ విభాగంలో అందుకు ఉద్దేశించిన మీట ఆన్‌లో ఉండాలి. అది ఆన్‌లో ఉన్నంతకాలం ఆ చాట్‌కు సాధారణంగా నోటిఫికేషన్లు రావు కనుక, పిల్లల బడి గ్రూపు వంటి వాటిని అందులోకి పంపేవారు అప్పుడప్పుడు స్వయంగా తెరిచి చూసుకోవాలి.

క్లియర్ చాట్ అలా కాదు. చాట్ తెరిచి, కుడివైపు పైనున్న మూడు చుక్కలు, ఆ తర్వాత మోర్ నొక్కితే అది కనిపిస్తుంది. జాబితాలో పేరు అలాగే ఉంటుంది, గ్రూపు అయితే మన సభ్యత్వమూ కొనసాగుతుంది, కానీ లోపలి సందేశాలన్నీ మన వైపు చెరిగిపోతాయి. నిర్ధారణ అడిగే పెట్టెలో వచ్చిన ఫొటోలు, వీడియోలను గ్యాలరీ నుండి కూడా తీసివేయాలా అని అడిగే గడి ఉంటుంది. నక్షత్రం గుర్తు పెట్టుకున్న సందేశాలుంటే వాటి సంగతి కూడా అక్కడే అడుగుతుంది. తొందరలో చదవకుండా నొక్కేది ఇక్కడే, నష్టం జరిగేదీ ఇక్కడే.

డిలీట్ చాట్ సందేశాలతో పాటు జాబితాలోని ఆ వరుసను కూడా తీసివేస్తుంది. అయితే అది బ్లాక్ చేయడం కాదు. అవతలివారు మళ్లీ రాస్తే ఆ పేరు జాబితాలో పైకి వస్తుంది, పాత సంభాషణ మాత్రం ఉండదు.

ఇప్పుడు ఒక సందర్భాన్ని పూర్తిగా చూద్దాం. అద్దెకుండే ఒకామె, ఫోన్ నిండిపోయిందని మంగళవారం ఉదయం పది గంటలకు ఇంటి యజమానితో ఉన్న చాట్‌ను గ్యాలరీ గడితో సహా క్లియర్ చేసింది. ఏడాది అద్దె చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, అడ్వాన్సు ముట్టినట్లు యజమాని రాసిన సందేశం అందులోనే ఉన్నాయని సాయంత్రం గుర్తొచ్చింది. ఆమె మొదట చేయవలసిన పని ఎంతో సులువు: యజమాని ఫోన్‌లో ఆ చాట్ చెక్కుచెదరకుండా ఉండవచ్చు కనుక, వాటిని ఫార్వర్డ్ చేయమని అడగడం. అడ్వాన్సు విషయంలో తగవు ఉన్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు మిగిలేది బ్యాకప్.

సెట్టింగ్స్‌లో చాట్స్, ఆపై చాట్ బ్యాకప్ తెరిస్తే చివరి బ్యాకప్ సమయం కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో రోజువారీ బ్యాకప్ పెట్టుకుంటే అది సాధారణంగా రాత్రి 2 గంటలకు జరుగుతుంది. అక్కడ మంగళవారం తెల్లవారుజామున అని ఉంటే, పది గంటలకు చెరిపినవి ఆ ప్రతిలో ఇంకా ఉన్నాయి. ఆ పేజీలోని బ్యాకప్ బటన్‌ను పొరపాటున కూడా నొక్కకూడదు, ఎందుకంటే ఖాళీ చాట్‌తో కూడిన కొత్త ప్రతి గూగుల్ ఖాతాలోని పాతదాని స్థానంలోకి వస్తుంది. ఆ రాత్రి బ్యాకప్ జరగకముందే యాప్ తీసివేసి, మళ్లీ పెట్టుకుని, అదే నంబరుతో, అదే గూగుల్ ఖాతాతో పునరుద్ధరించాలి. దీనికొక మూల్యం ఉంది: ఆ తెల్లవారుజాము తర్వాత ఆమెకు ఇతర చాట్లలో వచ్చిన సందేశాలు ఆ ప్రతిలో ఉండవు కాబట్టి, ముఖ్యమైనవాటిని ముందే ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవాలి. బ్యాకప్‌లో వీడియోలను చేర్చకపోయి ఉంటే వీడియోలు తిరిగి రావు.

టెలిగ్రామ్‌కు ఈ లెక్క వర్తించదు. అక్కడ మామూలు చాట్లు సర్వర్లోనే ఉంటాయి. ఇద్దరి మధ్య చాట్ తొలగించేటప్పుడు అవతలివారికి కూడా తొలగించాలా అనే గడి వస్తుంది. దానిని ఎంచుకుంటే సందేశం ఎంత పాతదైనా ఇద్దరి వైపూ పోతుంది, వాట్సాప్‌లోలాగా తిరిగి తెచ్చుకునేందుకు బ్యాకప్ ఉండదు. అవతలివారి చేతిలోనూ అదే గడి ఉంటుంది గనుక, టెలిగ్రామ్‌లో వచ్చిన రసీదును వచ్చిన రోజే ఫోన్‌లో సేవ్ చేసుకోవడం మంచిది.

అభ్యాసం: ఇంట్లో రెండు ఫోన్ల మధ్య వాట్సాప్‌లో ఒక ఫొటో, రెండు సందేశాలు పంపుకోండి. ఫొటో అందుకున్న ఫోన్‌లో గడి ఎంచుకోకుండా ఒకసారి, మళ్లీ పంపించుకుని గడి ఎంచుకుని ఒకసారి క్లియర్ చేసి, ప్రతిసారీ ఆ ఫోన్ గ్యాలరీనీ, రెండో ఫోన్‌లోని చాట్‌నూ తెరిచి చూడండి. పంపిన సందేశాన్ని అవతలి ఫోన్ నుండి కూడా తొలగించే విధానం, దానికున్న సుమారు రెండున్నర రోజుల గడువు తర్వాతి పాఠంలో.