లాయల్టీ పాయింట్ల లెక్క – 3వ భాగం: బిల్లు డబ్బును రెండుగా పంచడం

గత భాగం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. దుకాణం ముందు నిలబడి దారిన పోయే వాళ్లందరికీ పది శాతం తగ్గింపు కూపన్లు పంచితే, వాటికోసం అమ్మకంలో కొంత ఇప్పుడే ఆదాయంగా రాయకుండా వాయిదా వేయాలా అని. అక్కర్లేదు. ఆ కూపన్ ఏమీ కొనకుండానే చేతికొచ్చింది, దానికోసం ఎవరూ డబ్బు కట్టలేదు. కొన్నందువల్ల మాత్రమే దక్కే హక్కు, అదీ చెప్పుకోదగ్గ విలువ ఉన్న హక్కు అయితేనే, ఆదాయం ఎప్పుడు ఎంత రాయాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 115 దాన్ని విడిగా చూడమంటుంది. కొనుగోలుతో వచ్చే పాయింట్లు సాధారణంగా ఈ కోవలోకే వస్తాయి. అంటే ఒక్క బిల్లులో దుకాణం రెండు అమ్మింది: ఇప్పుడే చేతికిచ్చిన సరుకు, ముందు ముందు ఇవ్వాల్సిన సరుకు. కూరగాయల బండి దగ్గర కొసరు అక్కడికక్కడే సంచిలో పడుతుంది కాబట్టి ఈ చిక్కు రాదు. పాయింట్లు మాత్రం బాకీగా మిగిలిపోతాయి.

ఈ భాగంలో ఆ బాకీకి అంకె కడదాం.

చీరల దుకాణాలు నడిపే ఒక కంపెనీని ఊహించుకోండి. ప్రతి వంద రూపాయల కొనుగోలుకు 5 పాయింట్లు ఇస్తుంది. తర్వాతి కొనుగోలులో ఒక్కో పాయింటుకు ఒక రూపాయి తగ్గుతుంది. గడువు మూడేళ్లు. స్కీము పెట్టిన మొదటి నెల అమ్మకం జీఎస్టీ కాకుండా 24,00,000 రూపాయలు. జీఎస్టీని ముందే పక్కన పెట్టడం ముఖ్యం. అది ప్రభుత్వం తరఫున వసూలు చేసిన డబ్బు, పంచుకోవడానికి మనది కాదు. బిల్లు మొత్తం మీద లెక్క మొదలుపెట్టి చివర్లో పన్ను తీసేద్దామనుకుంటే అంకెలన్నీ తప్పుతాయి.

ఆ నెల ఇచ్చిన పాయింట్లు 1,20,000. అందరూ వాడుకోరు. కొందరు మర్చిపోతారు, కొందరు ఊరు మారతారు, కొందరి దగ్గర నలభై యాభై పాయింట్లే ఉండి వాటికోసం ప్రత్యేకంగా రారు. 1,00,000 పాయింట్లు వాడకంలోకి వస్తాయని కంపెనీ అంచనా. కాబట్టి ఈ పాయింట్లను విడిగా అమ్మితే పలికే ధర 1,00,000 రూపాయలు. వాడరనుకున్న 20,000 పాయింట్లను ఇక్కడే, మొదట్లోనే తీసేశాం. ఇది గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ తీసేయాలనిపిస్తుంది.

చాలామంది ఇక్కడ తొందరపడి 24,00,000లో లక్ష తీసేసి, మిగిలిన 23,00,000 అమ్మకంగా రాస్తారు. దగ్గరగానే ఉంది కానీ సరికాదు. కస్టమర్లకు దక్కిన మొత్తం విలువ చూడండి: చీరలు 24,00,000, పాయింట్లు 1,00,000, వెరసి 25,00,000. వాళ్లు కట్టింది 24,00,000. అంటే రూపాయి విలువ 96 పైసలకు దక్కింది. ఆ నాలుగు పైసల తగ్గింపు మొత్తం చీరల మీదే వేయడానికీ కారణం లేదు, మొత్తం పాయింట్ల మీదే వేయడానికీ కారణం లేదు. రెండింటికీ వాటి వాటి ధరల నిష్పత్తిలో పంచాలి.

చీరల వాటా: 24,00,000 × 24 ÷ 25 = 23,04,000
పాయింట్ల వాటా: 24,00,000 × 1 ÷ 25 = 96,000

పద్దు ఇలా పడుతుంది (జీఎస్టీ ఖాతా వేరు):

నగదు/బ్యాంకు డెబిట్ 24,00,000
అమ్మకాల ఆదాయం క్రెడిట్ 23,04,000
కాంట్రాక్ట్ లయబిలిటీ (పాయింట్లు) క్రెడిట్ 96,000

చివరి వరుసలోని కాంట్రాక్ట్ లయబిలిటీ అంటే పైన చెప్పిన బాకీయే. ఈ పద్దులో ఖర్చు ఖాతా ఎక్కడా లేదని గమనించండి. పాత పద్ధతికి అలవాటుపడ్డ అకౌంటెంట్లు పాయింట్లను ప్రచార ఖర్చుగా చూసి, సంవత్సరాంతంలో రాబోయే ఆ ఖర్చుకు ఒక ప్రొవిజన్ కట్టేవారు. ఇండ్ ఏఎస్ పరిధిలోకి రాని చిన్న కంపెనీల్లో ఆ పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. పరిధిలో ఉన్నవాళ్లకు మాత్రం, ముఖ్యంగా లిస్టైన కంపెనీలకూ, 250 కోట్లకు తక్కువ కాని నికర విలువ ఉన్న కంపెనీలకూ, 2018 ఏప్రిల్ 1న మొదలైన సంవత్సరం నుంచి దారి ఇదే. తేడా పేరులోనే కాదు. ప్రొవిజన్ పద్ధతిలో ఆదాయం పూర్తిగా ముందే కనిపిస్తుంది. ఇక్కడ 96,000 రూపాయలు ఇంకా ఆదాయమే కాలేదు.

ఇక ఒక కస్టమర్ 500 పాయింట్లతో వచ్చి 3,000 రూపాయల చీర కొన్నారనుకుందాం. నగదుగా 2,500 ఇస్తారు. పాయింటుకు మన దగ్గర రూపాయి లేదు, 96 పైసలే ఉన్నాయి (96,000ను వాడతారనుకున్న 1,00,000తో భాగించండి). కాబట్టి లయబిలిటీ నుంచి 480 తీసి, ఆదాయం 2,980గా రాస్తాం. 3,000 రావాలి కదా అని మిగతా 20 రూపాయలను ఏదో ఒక ఖాతాలో సర్దేవాళ్లను చూస్తుంటాం. అది అవసరం లేదు. ఆ 20 మొదటి బిల్లునాడే చీరలకు పోయిన వాటాలో ఉంది. ఇప్పుడు కట్టిన 2,500 మీద కొత్త పాయింట్లు వస్తే, ఆ డబ్బును కూడా పైన చేసినట్టే పంచాలి.

మొదటి సంవత్సరం చివరికి ఆ నెల పాయింట్లలో 45,000 వాడారు. అంచనా మారలేదు. వాయిదా వేసిన మొత్తంలో ఆదాయంగా మారేది 96,000 × 45,000 ÷ 1,00,000 = 43,200. మిగిలిన లయబిలిటీ 52,800.

ఈ అంకె సరైందో కాదో రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రిపోర్టు తీస్తే మిగిలిన పాయింట్లు 75,000 అని చూపిస్తుంది. అందులో ఇంకా వాడకంలోకి వస్తాయనుకున్నవి 55,000. వాటిని 0.96తో గుణిస్తే 52,800 వస్తుంది, ఖాతాతో కలిసింది. రిపోర్టులోని 75,000ను రూపాయితో గుణించి 75,000 లయబిలిటీ రాసిన పుస్తకాలే ఎక్కువగా కనిపించే తప్పు. అక్కడ రెండు పొరపాట్లు ఒకేసారి జరిగాయి: వాడరనుకున్న పాయింట్లనూ బాకీగా చూశారు, పంపకంలో వచ్చిన ధర బదులు ముఖవిలువ వేశారు.

రెండో సంవత్సరంలో అసలు పరీక్ష మొదలవుతుంది. మొత్తం 81,000 పాయింట్లు వాడకంలోకి వచ్చాయి. అంటే ఈ ఏడు 36,000. జనం అనుకున్నదానికంటే ఎక్కువగా వాడుతున్నారు, కంపెనీ అంచనాను 1,08,000కు పెంచింది. ఇప్పుడు చీరలకూ పాయింట్లకూ పంచిన పంపకాన్ని మళ్లీ తెరవాలా? వద్దు. 23,04,000, 96,000 అన్నవి అమ్మిననాడే స్థిరపడ్డాయి. మారేది కింద ఉన్న భాజకం ఒక్కటే.

ఇప్పటిదాకా రావాల్సిన ఆదాయం: 96,000 × 81,000 ÷ 1,08,000 = 72,000
అందులో నిరుడే రాసింది: 43,200
ఈ ఏటి ఆదాయం: 28,800

ఈ 28,800లో ఏముందో విప్పి చూస్తే విషయం బాగా పట్టుబడుతుంది. కొత్త అంచనాతో పాయింటు ధర సుమారు 88.9 పైసలకు దిగింది. 36,000 పాయింట్లకు ఆ ధరన 32,000 వస్తుంది. కానీ నిరుడు 45,000 పాయింట్లకు 96 పైసల చొప్పున రాశాం, అంటే 3,200 ఎక్కువ రాశాం. ఆ సర్దుబాటు ఈ ఏటి ఆదాయంలోంచే పోతుంది. నిరుటి పుస్తకాలు తిరగరాయనక్కర్లేదు, అంచనా మారడం తప్పు చేయడం కాదు. మిగిలిన లయబిలిటీ 24,000, దాని వెనక వాడకంలోకి వస్తాయనుకుంటున్న 27,000 పాయింట్లు. మూడేళ్ల గడువు ముగిసిన రోజున ఆ ఖాతాలో ఏం మిగిలినా ఆదాయానికి వెళ్లిపోతుంది.

కాబట్టి ఈ లెక్కంతా వాడకం అంచనా మీద నడుస్తుంది. ఆడిటర్లు కూడా ఎక్కువ ప్రశ్నలు అక్కడే వేస్తారు. వాళ్లకు దొరికిపోయే అంచనా ఒకటుంది: ఈ ఏడు వాడిన పాయింట్లను ఈ ఏడు ఇచ్చిన పాయింట్లతో భాగించడం. అమ్మకాలు ఏటికేడు పెరుగుతున్న కంపెనీలో ఈ నిష్పత్తి ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఎందుకంటే మొన్న ఇచ్చిన పాయింట్లకు వాడుకునే సమయమే ఇంకా రాలేదు. దసరాకు కొన్నవాళ్లు ఆ పాయింట్లను మాఘమాసపు పెళ్లిళ్ల సీజనుకు అట్టిపెట్టుకోవచ్చు. దాంతో జనం వాడరని పొరబడి, లయబిలిటీ తక్కువ కట్టి, ఆదాయం ముందే రాసుకుంటారు. సరైన దారి ఒక నెలలో ఇచ్చిన పాయింట్లను ఒక కట్టగా పట్టుకుని, గడువు ముగిసేదాకా ఆ కట్టలో ఎన్ని వాడారో నెలనెలా చూడటం. పాత కట్టలు పూర్తయ్యేకొద్దీ కొత్త కట్టలకు అంచనా దొరుకుతుంది. స్కీము కొత్తగా పెట్టి చరిత్ర ఏమీ లేనప్పుడు ఎక్కువమంది వాడతారనే పట్టుకోవడం నయం. ముందు వాయిదా వేసి తర్వాత ఆదాయం రాసుకోవచ్చు, ముందే రాసేసి వెనక్కి తీసుకోవడం బోర్డు ముందు కష్టం.

ఇంకో చిన్న విషయం. ఆషాఢంలో పాయింట్లు ఉన్నా లేకపోయినా అందరికీ పది శాతం తగ్గించి, ఆ తగ్గింపు తీసుకున్నవాళ్లు పాయింట్లు వాడకూడదని షరతు పెట్టారనుకోండి. అప్పుడు పాయింటు వాడినవాళ్లు ఆ పది శాతం వదులుకుంటున్నారు. వాళ్లకు అదనంగా దక్కేది రూపాయి కంటే తక్కువ. పాయింట్ల విడి ధర కట్టేటప్పుడు, ఎలాగూ దొరికే ఆ తగ్గింపును తీసేసి చూడాలి. తగ్గింపు మీద పాయింట్లు కూడా వాడుకోనిస్తే ఈ గొడవ లేదు.

వచ్చే భాగానికి ఒక లెక్క. అమ్మకం జీఎస్టీ కాకుండా 19,00,000. వందకు 6 పాయింట్ల చొప్పున 1,14,000 ఇచ్చారు, పాయింటుకు రూపాయి, 1,00,000 వాడతారని అంచనా. సంవత్సరాంతానికి 40,000 వాడారు, అంచనా మారలేదు. మేనేజరు సాఫ్ట్‌వేర్‌లో మిగిలిన 74,000 పాయింట్లు చూసి లయబిలిటీ 74,000 రాశారు. ఆయన ఎంత తప్పారు, దానివల్ల ఆ ఏటి ఆదాయం పెరిగిందా తగ్గిందా? జవాబు చూసుకున్నాక, పాయింట్లు సొంత దుకాణంలో కాకుండా మరో కంపెనీ దగ్గర వాడుకునే స్కీములకు వెళ్దాం. అక్కడ వాయిదా వేసిన డబ్బు అసలు ఎవరి ఆదాయం అన్నదే మొదట తేల్చుకోవాల్సి ఉంటుంది.