500 పీసుల ఆర్డర్‌లో మంచివి 442: స్క్రాప్ ఎక్కడ పుట్టింది?

సమస్య

షాఫ్టులకు 500 పీసుల వర్క్ ఆర్డర్ వేశారు. రూటింగ్‌లో వరసగా టర్నింగ్, కీవే మిల్లింగ్, గ్రైండింగ్, ఇన్‌స్పెక్షన్ ఉన్నాయి. చివరికి మంచి పీసులు 442 మాత్రమే వచ్చాయి. సిస్టమ్‌లో చూస్తే 58 పీసుల స్క్రాప్ అంతా ఇన్‌స్పెక్షన్ దగ్గరే కనిపిస్తుంది. తక్కువ పడిన వాటి కోసం ప్లానర్ ఇంకో చిన్న ఆర్డర్ వేస్తాడు, దాంతో గ్రైండింగ్ వెనకబడుతుంది. కెపాసిటీ రిపోర్ట్ మాత్రం అంతా సరిపోతుందనే చెబుతుంది. నెలనెలా ఇదే టెన్షన్.

మొదట చూడాల్సింది

ఆ ఆర్డర్‌లో ఒక్కో ఆపరేషన్ ఏ సమయానికి నమోదైందో చూడండి. నాలుగు ఆపరేషన్లూ షిఫ్ట్ చివర, ఐదు నిమిషాల తేడాలో నమోదై ఉంటే మీకు కారణం దొరికినట్టే. మెషిన్ దగ్గర ఎవరూ లెక్క రాయడం లేదు, చివర్లో ఒకరు కూర్చుని అన్నీ ఒకేసారి ఎక్కిస్తున్నారు. అలాంటప్పుడు మొదటి మూడు ఆపరేషన్లలో 500 మంచివని పడుతుంది, తప్పంతా ఇన్‌స్పెక్షన్ మీదికి వస్తుంది.

తర్వాత రిజెక్ట్ బిన్ దగ్గరికి వెళ్లి, పీసులను చేత్తో తీసి వేరు చేయండి. ఈ ఆర్డర్‌లో 10 పీసులకు టర్నింగ్‌లోనే సైజు తగ్గిపోయింది. 20 పీసుల్లో కీవే పక్కకు జరిగింది. మిగతా 28 మాత్రమే గ్రైండింగ్‌లో పాడయ్యాయి.

అసలు కారణం

గ్రైండింగ్‌కు రాకముందే 30 పీసులు చెడిపోయాయి. అది తెలియక వాటినీ గ్రైండింగ్ చేశారు. పీసుకు 6 నిమిషాల చొప్పున 180 నిమిషాలు, అదీ అన్నిటికంటే ఇరుకుగా ఉన్న మెషిన్ మీద, వృథా అయ్యాయి. స్క్రాప్ పీసు ముందుకు కదిలేకొద్దీ దాని మీద పోయే సమయం పెరుగుతుంది. నా లెక్కలో మెటీరియల్ కంటే ఇదే పెద్ద నష్టం.

కెపాసిటీ రిపోర్ట్ ఎందుకు తప్పుదారి పట్టించింది? రెండు షిఫ్టుల్లో విరామాలు పోగా 900 నిమిషాలు, ఎఫిషియెన్సీ 85% అనుకుంటే రోజుకు నికరంగా 765. ప్లాన్‌లో 500 పీసులకు 3000, సెట్టింగ్‌కు 60, మొత్తం 3060 నిమిషాలు, అంటే సరిగ్గా నాలుగు రోజులు. కానీ 58 మంచి పీసులు రావాలంటే చిన్న ఆర్డర్‌లో 66 పీసులు వేయాలి. మళ్లీ సెట్టింగ్‌తో కలిపి ఇంకో 456 నిమిషాలు. ఈ సగం రోజు పైచిలుకు పని ప్లాన్‌లో ఎక్కడా లేదు.

పరిష్కారం

ప్రతి ఆపరేషన్ ముగిసిన వెంటనే అక్కడే నాలుగు అంకెలు రాయించండి: వచ్చినవి, మంచివి, స్క్రాప్, రీవర్క్. చివరి మూడూ కలిపితే మొదటి అంకె రావాలి. తప్పు ఎక్కడ కనబడింది, ఎక్కడ పుట్టింది అన్నవి వేర్వేరు గడులు. ఒకే గడి ఉంటే, ఎవరు కనిపెడితే వాళ్లకే చెడ్డపేరు వస్తుంది, ఇక ఎవరూ నిజం రాయరు.

కీవే కొలత గ్రైండింగ్‌కు ముందే చూసేలా రూటింగ్‌లో ఒక చెక్ పెట్టండి. తర్వాత పరిమాణాన్ని చివరి నుంచి వెనక్కి లెక్కకట్టండి. యీల్డ్ టర్నింగ్‌లో 98%, మిల్లింగ్‌లో 96%, గ్రైండింగ్‌లో 94% అనుకుని, భిన్నం వచ్చిన చోట పై అంకె తీసుకుంటే:

```
500 / 0.94 = 532   (గ్రైండింగ్‌కు)
532 / 0.96 = 555   (మిల్లింగ్‌కు)
555 / 0.98 = 567   (టర్నింగ్‌కు)
```

ఆర్డర్ 567తో మొదలవుతుంది, గ్రైండింగ్‌కు చేరేవి 532. అక్కడ పట్టేది సెట్టింగ్‌తో కలిపి 3252 నిమిషాలు, అంటే నాలుగుంపావు రోజులు. ఇదివరకు రెండు ఆర్డర్లకు కలిపి 3516 నిమిషాలు పట్టేది.

ఈ శాతాలను ఒక్క ఆర్డర్ చూసి పెట్టకండి. కనీసం పది పన్నెండు ఆర్డర్ల లెక్క కావాలి. సెట్టింగ్‌లో పోయే పీసులను విడిగా రాయండి: సెట్టింగ్‌కు మూడు పీసులు పోతే ఆర్డర్ 50 అయినా 500 అయినా పోయేవి మూడే, వాటిని శాతంలో కలిపితే చిన్న ఆర్డర్లు మళ్లీ తక్కువ పడతాయి.

మార్చాక కూడా లెక్క కలవకపోతే

పీసులు ఎక్కువగా మిగులుతుంటే స్క్రాప్ శాతం రెండు చోట్ల పడిందేమో చూడండి. మెటీరియల్ జాబితాలోనూ రూటింగ్‌లోనూ ఒకే నష్టానికి శాతం పెడితే ఆ నష్టం రెండుసార్లు లెక్కలోకి వచ్చి, అవసరం అనవసరంగా పెరుగుతుంది.

పీసులు సరిపోయినా గ్రైండింగ్ ఆలస్యమవుతుంటే రీవర్క్ వైపు చూడండి. మళ్లీ గ్రైండ్ చేసిన పీసు చివరికి మంచిదిగానే లెక్కకు వస్తుంది కానీ, దాని మీద రెండోసారి పట్టిన 6 నిమిషాలు ఏ ఆర్డర్ మీదా ఉండవు. రీవర్క్‌కు అదే ఆర్డర్‌లో అదనంగా ఒక ఆపరేషన్ తెరిచి, ఆ సమయాన్ని అక్కడ రాయించాలి.