సమతుల భోజనం పాఠంలో వాటాల లెక్క కుదరనప్పుడు: సమస్య - పరిష్కారం

సమస్య: అన్ని బృందాలకూ ఒకే పని కార్డు, ఒకే పోషక విలువల పట్టిక ఇచ్చినా, ఒక బృందం తన అన్నం వాటాలో 175 కిలోకేలరీలు ఉన్నాయని రాస్తుంది, పక్క బృందం దాదాపు 470 అని రాస్తుంది. రెండు పళ్లేలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నం మాత్రం సమానంగానే కనిపిస్తుంది.

ముందుగా త్రాసును చూడండి. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా, చాలా తరగతులు ఈ పరీక్ష చేయకుండానే లెక్కల్లోకి దిగుతాయి. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, కొలిచిన 100 మిల్లీలీటర్ల నీరు పోస్తే దాదాపు 100 గ్రాములు చూపాలి. ఒక బృందం రాసిన బరువులన్నీ ఒకే మొత్తంలో ఎక్కువగా ఉంటే, గిన్నె బరువు కూడా లెక్కలో చేరిందని అర్థం. నూనె లెక్క ఒక్కటే మూడు రెట్లు వస్తే, 5 మిల్లీలీటర్ల టీ స్పూనుకు బదులు 15 మిల్లీలీటర్ల టేబుల్ స్పూను వాడారన్నమాట.

త్రాసు సరిగానే ఉండి, పళ్లేలు సమానంగా ఉండి, అంకెలు మాత్రం రెండున్నర, మూడు రెట్లు తేడాగా ఉంటే, అసలు కారణం పట్టికలో ఉంది. పట్టికలోని విలువ వండని బియ్యానిది, పిల్లలు తూచినది వండిన అన్నం. నేను మొదటిసారి ఈ తప్పులో పడినప్పుడు రెండు పీరియడ్లు త్రాసునే అనుమానించి, చివరికి కార్డులో నేనే "బియ్యం 50 గ్రాములు" అని ఒకచోట, "అన్నం తూచండి" అని మరోచోట రాశానని గుర్తించాను. ఈ తప్పు తెలివైన పిల్లలను కూడా దారి తప్పిస్తుంది, ఎందుకంటే వారు చేసే గుణకారంలో ఏ పొరపాటూ ఉండదు.

ఒక గిన్నెను తీసుకుని లెక్క చూద్దాం. ఖాళీ గిన్నె బరువు 620 గ్రాములు, అందులో వేసిన బియ్యం 200 గ్రాములు. ఉడికిన తర్వాత గిన్నెతో సహా 1160 గ్రాములు తూగితే, అన్నం 540 గ్రాములు, అంటే 2.7 రెట్లు. దీన్ని నాలుగు వాటాలు చేస్తే ఒక్కొక్కటి 135 గ్రాములు, అందులో ఉన్నది 50 గ్రాముల బియ్యం. బియ్యం గ్రాముకు దాదాపు 3.5 కిలోకేలరీల చొప్పున వాటాకు 175 వస్తుంది. ఆ 135 గ్రాములనే బియ్యంగా భావించి గుణిస్తే 470 దాటుతుంది. పెరిగిన బరువంతా నీరే, దానికి శక్తి లేదు.

కాబట్టి కార్డులో "వండకముందు బరువు", "వండిన తర్వాత బరువు" అని రెండు గడులు పెట్టి, పొయ్యి వెలిగించకముందే ఖాళీ గిన్నె బరువు రాయించండి. 2.7 అనే అంకెను కంఠస్థం చేయించకండి. నీటి పాళ్లు, మూత, మంట మారితే అది కూడా మారుతుంది కనుక ప్రతి బృందమూ తన గిన్నె లెక్క తానే తీయాలి. పప్పులో ఈ తేడా మరీ ఎక్కువ. అదే 100 గ్రాముల పప్పును ఒకరు గట్టిగా, ఒకరు పలుచగా వండితే గరిటెడు పప్పులో దొరికే ప్రోటీను వేర్వేరుగా ఉంటుంది. ఆకుకూరల్లో తేడా తిరగబడుతుంది, గిన్నెడు ఆకు ఉడికి పిడికెడవుతుంది. ఈ పద్ధతి శక్తికీ ప్రోటీనుకూ మాత్రమే వాడండి, విటమిన్ సి వంటివి వేడికీ, పారబోసిన నీటితోనూ కొంత పోతాయి.

రెండవ సమస్య: శుభ్రత నియమాలన్నీ ఒప్పజెప్పిన పిల్లలే, పచ్చి గుడ్డు తూచిన గిన్నెలో ఉడికిన కూర తూస్తారు. నియమాలు గోడ మీది చార్టులో ఉండి, పని కార్డులో లేకపోవడమే దీనికి కారణం. పచ్చి పదార్థం తూచే మెట్టు కిందనే "సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి, త్రాసు తుడవాలి, వేరే గిన్నె తీసుకోవాలి" అని అచ్చు వేయించండి. నేను పచ్చివాటి గిన్నెకు ఎర్ర టేపు అంటించిన తర్వాత మళ్లీ ఆ తప్పు చూడలేదు. తూకాల కోసం అన్నాన్ని బల్ల మీద చల్లారబెట్టనివ్వకండి. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా బతికి, గోరువెచ్చని అన్నంలో పెరుగుతాయి. వేడిగా ఉండగానే తూచి వడ్డించాలి, బయట రెండు గంటలకు మించి ఉంచరాదు.

త్రాసు బ్యాటరీ తగ్గడం, బల్ల వంకరగా ఉండడం వంటివి అరుదు, మార్చి చూస్తే తెలిసిపోతాయి. 5 గ్రాముల మెట్లలో చూపే త్రాసుపై మాత్రం ఉప్పు తూయించవద్దు, దానికి సమతలంగా గీసిన స్పూను కొలతే మేలు.