కంప్యూటర్ క్యాబినెట్‌ను తాకితే జివ్వుమంటోందా? ముందుగా ఎర్తింగ్ చూడండి

డెస్క్‌టాప్ క్యాబినెట్ వెనుక రంగు వేయని ఇనుప భాగానికో, స్క్రూకో చెయ్యి తగిలినప్పుడు సన్నగా జివ్వుమంటే, చాలామంది కంప్యూటర్ పాడైందనుకుంటారు గాని, చాలా సందర్భాల్లో లోపం ఇంటి ఎర్తింగ్‌లోనే ఉంటుంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్‌లో విద్యుత్ అలజడిని అణచడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చొప్పున చిన్న కెపాసిటర్లను క్యాబినెట్ లోహానికి కలుపుతారు. వాటి గుండా వచ్చే స్వల్ప కరెంటు ఎర్త్ తీగ ద్వారా భూమిలోకి పోవాలి. ఆ దారి లేకపోతే క్యాబినెట్‌పై 230 వోల్టుల్లో దాదాపు సగం నిలుస్తుంది.

మల్టీమీటర్‌ను ఏసీ 750 వోల్టుల స్థాయిలో పెట్టి, గోడ సాకెట్‌లో ఫేజుకూ, పైనున్న పెద్ద రంధ్రానికీ మధ్య కొలవాలి. అక్కడ 230కి దగ్గరగా రాక, 90 అనో 120 అనో ఊగిసలాడితే ఎర్త్ తెగినట్టే. గోడ దగ్గర సరిగా ఉండి ఎక్స్‌టెన్షన్ బాక్సులో రాకపోతే, తప్పు ఆ బాక్సుదే. చవక రకాల్లో మూడో తీగ కలపకపోవడం కొత్తేమీ కాదు. ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటే నీళ్లు పోయడం తాత్కాలిక ఉపశమనమే కనుక, తుప్పు పట్టిన కనెక్షన్‌ను ఎలక్ట్రీషియన్ చేత మార్పించాలి. సాకెట్‌లో న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి: న్యూట్రల్ తెగిన క్షణాన క్యాబినెట్ మొత్తానికి పూర్తి ఫేజు వస్తుంది.

షాక్ జివ్వుమనడంతో ఆగక గట్టిగా కొడితే, ప్లగ్ పీకి ఎస్‌ఎంపీఎస్‌ను పరీక్ష చేయించాలి.